పాట మారినా అడుగు ఆగకుండా

స్కూల్ వార్షికోత్సవంలో ఐదో తరగతి పిల్లల డ్యాన్స్ నడుస్తోందనుకోండి. మొదటి పాట అయిపోయింది. పెన్‌డ్రైవ్‌లో రెండో పాట మొదలవడానికి రెండు మూడు సెకన్లు పట్టింది. ఆ కాసేపట్లో ముందు వరస పిల్లలు చేతులు దించేస్తారు, వెనక వరస వాళ్లు స్టేజీ పక్కన నిలబడ్డ టీచర్ మొహం చూస్తారు. పాట వచ్చాక కూడా అందరూ మళ్లీ ఒకే అడుగులో పడడానికి ఇంకాస్త టైమ్ పోతుంది. నెల రోజులు నేర్పిన ఐటమ్ నాలుగు ముక్కలై కనిపిస్తుంది.

దీనికి మందు క్రాస్‌ఫేడ్. వెళ్లే పాట తగ్గుతూ ఉండగానే వచ్చే పాటను పెంచుకుంటూ పోయి, రెండింటినీ కొన్ని సెకన్ల పాటు ఒకదాని మీద ఒకటి నడిపించడం. వినడానికి ఇది వాల్యూమ్‌కు సంబంధించిన పనిలా ఉంటుంది. నిజానికి వాల్యూమ్ సంగతి చివర్లో వస్తుంది. రెండు పాటల్లో ఏ చోటును ఏ చోటు మీద పెట్టాం అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. చోటు సరిగ్గా కుదిరితే సాదాసీదా ఫేడ్ కూడా అతికినట్టుంటుంది. చోటు తప్పితే ఎంత నున్నగా ఫేడ్ చేసినా రెండు స్పీకర్లు పోటీపడి మోగుతున్నట్టే వినిపిస్తుంది.

ఫోన్లో చేసుకోలేమా అని అడుగుతారు చాలామంది. కొన్ని ప్లేయర్ యాప్‌లలో ఈ సదుపాయం ఉంది. స్పాటిఫైలో అయితే పన్నెండు సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. పెళ్లి భోజనాల దగ్గర వెనకాల మెల్లగా పాటలు వినిపించడానికి అది చాలు. కానీ మామూలు ఆటోమేటిక్ క్రాస్‌ఫేడ్ ఫైలు చివర ఎక్కడుందో చూసుకుంటుందే తప్ప, తాళం ఎక్కడుందో చూడదు. ఒక దరువు సగంలో ఉండగా ఇంకో దరువు వచ్చి పడుతుంది. కూర్చుని తినేవాళ్లకు అది పట్టదు. అడుగు వేసేవాళ్లకు మాత్రం కాలు తడబడుతుంది. అందుకే డ్యాన్స్ ఐటమ్‌కు ముందుగానే కంప్యూటర్‌లో కలిపి, మొత్తం ఒకే ఫైలుగా చేసుకోవాలి. దానికి ఆడాసిటీ సరిపోతుంది. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టి, 2000లో మొదటిసారి విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది.

ముందు చోటు వెతకాలి. ఇందులో నాకు రాజీపడడం ఇష్టం లేని నియమం ఒకటుంది. గొంతు మీద గొంతు పడకూడదు. రెండు పాటల మాటలు ఒకేసారి వినిపిస్తే చెవి దేన్నీ పట్టుకోలేదు. మన సినిమా పాటల్లో ఇందుకు అనువైన చోట్లు బోలెడు. పల్లవికీ చరణానికీ మధ్య వాయిద్యాలు మోగే ఇంటర్లూడ్ ఉంటుంది. పాట మొదట్లో గొంతు రాకముందు ప్రిల్యూడ్ ఉంటుంది. వెళ్లే పాట ఇంటర్లూడ్ మీద వచ్చే పాట ప్రిల్యూడ్‌ను పరిస్తే గొంతుల గొడవ ఉండదు. ఇక శ్రుతి. రెండు పాటలూ వేర్వేరు శ్రుతుల్లో ఉంటే, ఒకదాని వయొలిన్లూ ఇంకోదాని ఫ్లూటూ కలిసినప్పుడు అపస్వరం పలుకుతుంది. రెండింటిలో ఏదో ఒకటి ఒట్టి దరువుతో నడిచే చోటు దొరికితే ఆ చిక్కు కూడా తప్పుతుంది. తబలాకూ డోలుకూ పాట శ్రుతితో అంత పేచీ రాదు.

చాలామంది చేసే పని, పాట చిట్టచివర క్రాస్‌ఫేడ్ పెట్టడం. ఎన్నో పాటలు చివర్లో వాటంతట అవే మెల్లగా తగ్గిపోయేలా రికార్డయి ఉంటాయి. తెర మీద చూస్తే ధ్వని ఆకారం కుడివైపు సన్నబడుతూ కనిపిస్తుంది. ఇప్పటికే తగ్గుతున్న దాన్ని మనం మళ్లీ తగ్గిస్తే మధ్యలో పెద్ద గుంట పడుతుంది. ఆకారం సన్నబడడం మొదలుపెట్టక ముందే దాటిపోవాలి.

చోటు చూసుకున్నాక వేగం. రెండు పాటల దరువు ఒకే వేగంతో నడవకపోతే, మొదటి దెబ్బ కలిసినా నాలుగో దెబ్బకు విడిపోతాయి. వేగాన్ని నిమిషానికి ఎన్ని బీట్లు అన్న లెక్కలో చెబుతారు. ఆడాసిటీలో పాటను పెద్దదిగా చేసి చూస్తే డ్రమ్ దెబ్బలు నిలువు ముళ్లలా కనిపిస్తాయి. ఒక దెబ్బ దగ్గర మొదలుపెట్టి, ముప్ఫై రెండు బీట్లకు ఎంతసేపు పట్టిందో కింద ఉన్న టైమ్ అంకెల్లో చూడండి. మొదటి పాటకు సరిగ్గా 20 సెకన్లు పట్టిందనుకుందాం. అంటే ఒక బీటుకు 0.625 సెకను, నిమిషానికి 96 బీట్లు. రెండో పాటకు 19.2 సెకన్లు పట్టింది. ఒక బీటుకు 0.6 సెకను, నిమిషానికి 100 బీట్లు. ఈ రెండూ చూడడానికి దగ్గరగానే ఉన్నాయి, కానీ పదహారు బీట్లు గడిచేసరికి 0.4 సెకను తేడా వస్తుంది. అంటే బీటులో సగం కంటే ఎక్కువే.

రెండో పాట మొత్తాన్ని ఎంచుకుని, Effect మెనూలో Pitch and Tempo కింద ఉన్న Change Tempo తెరిచి, 100 నుంచి 96కు అని అంకెలు ఇస్తే పాట నాలుగు శాతం నిదానిస్తుంది. గొంతు మాత్రం లావెక్కదు, శ్రుతి మారదు. ఐదు శాతం లోపు మార్పును వినేవాళ్లు దాదాపు పట్టుకోలేరు. పది శాతం దాటితే తబలా దెబ్బ పదును పోయి మెత్తబడుతుంది, గొంతులో ఒక రకమైన వణుకు వస్తుంది. అంత తేడా ఉన్న పాటలను కలపకుండా, వాటి మధ్య వేరే దారి చూసుకోవాలి. ఆ దారి సంగతి కాసేపట్లో చెబుతాను.

పాత పాటలతో ఇంకో సంగతుంది. వాద్యబృందం మొత్తం ఒకేసారి కూర్చుని వాయించిన రోజుల్లో వేగం మనిషి చేతిలో ఉండేది. చరణం చివరకు వచ్చేసరికి కాస్త ఊపందుకోవడం సహజం. ఈ మధ్య పాటల్లో కంప్యూటర్ లెక్కకు అనుగుణంగా వాయించినవే ఎక్కువ కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ఒకటే వేగం. అందుకని 1970ల పాటను కలిపేటప్పుడు క్రాస్‌ఫేడ్‌ను నాలుగైదు బీట్లకే కుదించడం మంచిది. కొత్త పాటల మధ్య పదహారు బీట్ల దాకా వెళ్లవచ్చు.

ఆ పదహారు అంకె ఊరికే వచ్చింది కాదు. డ్యాన్స్ మాస్టర్లు ఎనిమిదేసి చొప్పున లెక్కపెడతారు. పిల్లలు అడుగులు గుర్తుపెట్టుకునేదీ ఆ ఎనిమిదుల్లోనే. పాటలో ఏది కోసినా, ఏది అతికినా ఎనిమిది బీట్ల గుణిజంలోనే ఉండాలి. ముందే వాళ్లను అడగడం మేలు. "మాస్టారూ, రెండో పాటకు వరసలు మారాలా?" అంటే, "గుండ్రంగా రావాలండీ, రెండు ఎయిట్లు కావాలి" అని ఆయనే చెబుతారు. రెండు ఎనిమిదులు పదహారు బీట్లు. మన వేగంలో సరిగ్గా పది సెకన్లు. క్రాస్‌ఫేడ్ జరిగే పది సెకన్లే పిల్లలు వరసల్లోంచి వలయంలోకి మారే టైమ్ కూడా అవుతుంది.

ఇప్పుడు ఆ రెండు పాటలనే తీసుకుని పని పూర్తిచేద్దాం. మొదటి పాటలో ఇంటర్లూడ్ 1 నిమిషం 32 సెకన్ల దగ్గర మొదలవుతోంది. అక్కడి నుంచి పది సెకన్లు, అంటే 1:42 దాకా ఉంచి, ఆ తర్వాతి భాగాన్ని తీసేయాలి. ఇది మరిస్తే, తగ్గిపోయిన పాట 1:42 దగ్గర ఒక్కసారిగా పూర్తి గొంతుతో లేచి వస్తుంది. రిహార్సల్లో తరచుగా బయటపడే తప్పు ఇదే. రెండో పాటను కింద ఇంకో ట్రాక్‌లో పెట్టుకున్నాం. దాని ప్రిల్యూడ్, వేగం తగ్గించాక, ఇరవై సెకన్లు ఉంది. మనకు పదే కావాలి. ముందున్న నాలుగు ఎనిమిదుల్లో మొదటి రెంటినీ కోసేస్తే, మిగిలిన పది సెకన్లు ఒక తాళం మొదటి దెబ్బతో మొదలవుతాయి. కోసేటప్పుడు ఆ దెబ్బ ముల్లుకు సరిగ్గా ముందు కోయాలి. కోయకుండా ఫైలు మొదటి నుంచి వాడే పాటైతే, ముందు ఎంతో కొంత ఖాళీ ఉంటుంది. ఎంపీ3 ఫైళ్లలో ఇది మామూలే. దాన్ని కూడా తీసేయాలి.

తర్వాత ఆ రెండో పాటను జరిపి, దాని మొదటి దెబ్బ 1:32 దగ్గర, పై పాట దెబ్బ కింద పడేలా పెట్టాలి. అప్పుడు రెండో పాట గొంతు 1:42కు అందుకుంటుంది. సరిగ్గా అదే క్షణానికి మొదటి పాట పూర్తిగా వెళ్లిపోయి ఉంటుంది.

ఫేడ్ చేసే ముందు ఒక పరీక్ష. హెడ్‌ఫోన్ పెట్టుకుని, మొదటి ట్రాక్‌ను పూర్తిగా ఎడమ చెవికీ, రెండోదాన్ని పూర్తిగా కుడి చెవికీ మళ్లించండి. ట్రాక్ పక్కనే L, R అని ఉన్న చిన్న మీట దీనికే. రెండు దరువులూ కలిసి ఉంటే తల మధ్యలో ఒకే దెబ్బ వినిపిస్తుంది. కలవకపోతే గుర్రం దౌడు తీస్తున్నట్టు జంట దెబ్బలు వినిపిస్తాయి, ఏ చెవిలో ముందు పడుతోందో కూడా తెలుస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. ఆ దౌడు మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉంటే, రెండో పాట పెట్టిన చోటు తప్పు. కాస్త ముందుకో వెనక్కో జరిపితే సరిపోతుంది. మొదట కలిసి ఉండి పోనుపోను విడిపోతుంటే వేగం తప్పు. ఎంత జరిపినా లాభం లేదు, మళ్లీ బీట్లు కొలవాల్సిందే. ఈ తేడా తెలియక గంటల తరబడి పాటను అటూ ఇటూ జరుపుతూ కూర్చునేవాళ్లున్నారు. 1960ల చివర్లో న్యూయార్క్‌లో ఫ్రాన్సిస్ గ్రాసో అనే డీజే రెండు రికార్డులు తిరుగుతుండగానే, జనం ఎదురుగా, ఈ కలపడమంతా చేతులతో చేసేవాడు. మనకు వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలుంది కాబట్టి తీరిగ్గా వినవచ్చు. పరీక్ష అయ్యాక రెండు మీటలనూ మళ్లీ మధ్యకు తేవడం మరిచిపోవద్దు.

ఇప్పుడు ఫేడ్. 1:32 నుంచి 1:42 దాకా రెండు ట్రాకులనూ కలిపి ఎంచుకుని, Effect మెనూలో Fading కింద Crossfade Tracks తెరిస్తే, ఏ రకం కావాలని అడుగుతుంది. Constant Gain అని ఒకటుంది, Constant Power 1 అని ఒకటుంది. వేర్వేరు పాటలకు రెండోదే కావాలి. ఎందుకో తెలుసుకుంటే ఎప్పుడూ తప్పు పోదు.

Constant Gain తిన్నని గీత. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి రెండు పాటలూ సగం సగం ఎత్తులో ఉంటాయి. సగమూ సగమూ కలిస్తే ఒకటి కదా అనిపిస్తుంది. కానీ శబ్దం బలం ఎత్తుకు వర్గంలో పోతుంది. ఎత్తు సగమైతే బలం పావే. సంబంధం లేని రెండు పాటలు కలిసినప్పుడు బలాలు కూడుతాయి కాబట్టి పావూ పావూ కలిసి అర అవుతుంది. డెసిబెల్ లెక్కలో మూడు తగ్గినట్టు. అందుకే మధ్యలో ఎవరో వాల్యూమ్ కొంచెం తగ్గించి మళ్లీ పెంచినట్టు వినిపిస్తుంది. Constant Power 1 గీత వంపుగా ఉంటుంది. మధ్యలో ఒక్కో పాటను సగం దగ్గర కాకుండా దాదాపు 71 శాతం ఎత్తులో ఉంచుతుంది. దాని వర్గం అర. అరా అరా కలిసి నిండుగా ఒకటి. గుంట ఉండదు.

తిన్నని గీత పనికొచ్చే సందర్భం వేరే ఉంది. ఒకే పాటలో ఒక చరణం తీసేసి రెండు కొసలనూ అతికేటప్పుడు, అటూ ఇటూ అచ్చంగా ఒకే దరువు ఉంటుంది. ఒకేలాంటి అలలు కలిస్తే ఎత్తులే కూడుతాయి. అక్కడ వంపు గీత వాడితే మధ్యలో శబ్దం ఉబ్బుతుంది. తిన్నని గీతే సరైనది.

క్రాస్‌ఫేడ్ చేశాక మూల ధ్వని మారిపోతుందని గుర్తుంచుకోండి. ఫేడ్ చేయని ప్రాజెక్టును వేరే పేరుతో దాచుకోవాలి. ఫంక్షన్‌కు రెండు రోజుల ముందు "ఇంకో ఎయిట్ పెంచండి" అన్న మాట రాకుండా ఉండదు. మూడో పాటను మళ్లీ మొదటి ట్రాక్‌లోనే, ఖాళీ అయిన చోట పెట్టుకోవచ్చు. నాలుగోది రెండో ట్రాక్‌లో. ఎన్ని పాటలైనా రెండు ట్రాకులు చాలు.

ఇందాక వాల్యూమ్ చివర్లో అన్నాను కానీ, దానికి సంబంధించిన ఒక పని అన్నిటికంటే ముందు చేయాలి. పాత పాట ఫైలు నెమ్మదిగా, కొత్త పాట ఫైలు హోరుగా ఉంటుంది. ఎంత మంచి క్రాస్‌ఫేడ్ అయినా ఆ మెట్టును దాచలేదు. ప్రతి పాటనూ విడివిడిగా ఎంచుకుని Loudness Normalization తెరిచి, అన్నిటికీ ఒకే అంకె, -18 LUFS ఇవ్వండి. ఇది చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో కొలిచే లెక్క. అలల ఎత్తు మాత్రమే చూసి సమం చేస్తే పాత పాట సన్నగానే మిగిలిపోతుంది. ఇంత తక్కువ అంకె ఎందుకంటే, రెండు పాటలు కలిసే చోట అలల కొసలు పైకి లేచినా పగలకుండా జాగా ఉంటుంది. మీటర్‌లో ఎర్రరంగు వెలిగితే ఆ జాగా చాలలేదన్నమాట. మిక్స్ అంతా అయ్యాక కావలసినంత పెంచుకోవచ్చు.

ఇక కలపకూడని పాటల సంగతి. నాలుగేసి లెక్కలో నడిచే పాట చతురశ్రం, మూడేసి లెక్కలో ఊగే పాట తిశ్రం. మన జానపదాల్లో, జోలపాటల్లో తిశ్రం చాలా ఎక్కువ. ఈ రెంటినీ ఒకదాని మీద ఒకటి పరిస్తే బీటు వేగం సమానమైనా లోపలి నడక కలవదు. పది సెకన్ల గందరగోళం తప్ప వేరేది రాదు. వేగంలో పది శాతం తేడా ఉన్న పాటలూ ఇంతే. అక్కడ కోతే మంచిది. మొదటి పాటను ఒక గట్టి దెబ్బ మీద ఆపి, తాళం జారకుండా తర్వాతి బీటుకే రెండోదాన్ని అందించాలి. అల మధ్యలో కోస్తే టిక్కుమని చప్పుడొస్తుంది కాబట్టి, కోసే ముందు Z మీట నొక్కితే ఆడాసిటీ అల సున్నా దగ్గరున్న చోటికి ఎంపికను జరుపుతుంది. దెబ్బ తర్వాత డప్పు దరువు ఒక ఎనిమిది బీట్లు వేసి, ఆపైన కొత్త పాట తెస్తే పిల్లలకు కొత్త నడక అందుకునే వ్యవధి దొరుకుతుంది. నా మటుకు, బలవంతపు క్రాస్‌ఫేడ్ కంటే ఇలాంటి తెగింపు కోతే స్టేజీ మీద అందంగా ఉంటుంది.

పెళ్లికి వచ్చేసరికి ఒక మాట ముందే చెప్పాలి. మొత్తం పెళ్లికి ఒకే మిక్స్ చేయొద్దు. జీలకర్రా బెల్లం ఎప్పుడు పెట్టిస్తారో, మంగళసూత్రం ఎప్పుడు కడతారో పంతులుగారి చేతిలో ఉంటుంది, ఫైలు చేతిలో కాదు. పైగా ఆ సమయానికి గట్టిమేళం సన్నాయివాళ్లది. రికార్డు పాట అప్పటికి ఆగిపోయి ఉండాలి. అతిథులు వచ్చి కూర్చునే గంటకో మిక్స్, భోజనాలకో మిక్స్ చేసుకోవచ్చు. ఈ రెంటిలో క్రాస్‌ఫేడ్ ఆరేడు సెకన్లుంటే హాయిగా ఉంటుంది. బీట్లు కలిపే శ్రమ కూడా అక్కర్లేదు, గొంతులు కలవకుండా చూసుకుంటే చాలు.

రిసెప్షన్‌లో వధూవరులు నడిచొచ్చే పాట మాత్రం వేరే రకం. గుమ్మం నుంచి వేదిక దాకా ఒకోసారి నిమిషం పడుతుంది, ఒకోసారి దారిలో ఫొటోలతో నాలుగు నిమిషాలు. అందుకని పాటలో నచ్చిన ఇంటర్లూడ్‌ను ముప్ఫై రెండు బీట్లు తీసుకుని, దాని చివరను దాని మొదటితో అతుకుతూ ఐదారుసార్లు వరసగా పేర్చుకోవాలి. అతుకు తాళం మొదటి దెబ్బ మీద పడితే ఎన్నిసార్లు తిరిగినా తెలియదు. వాళ్లు వేదిక ఎక్కగానే, మనిషి చేత్తో మెల్లగా తగ్గించి, పల్లవితో మొదలయ్యే రెండో ఫైలును పెట్టాలి.

పిల్లల మిక్స్‌కు చివర ఫేడ్ పెట్టవద్దు. ఆఖరి భంగిమలో ఆగడానికి వాళ్లకు గట్టి దెబ్బ కావాలి. పని నడిచినన్ని రోజులూ ఎంపీ3గా మళ్లీ మళ్లీ సేవ్ చేయకండి, ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది. చివర ఒకసారి WAVగా తీయండి. నిమిషానికి పది మెగాబైట్ల చొప్పున ఆరు నిమిషాల ఐటమ్ అరవై దాకా వస్తుంది. సౌండ్ సిస్టమ్‌వాళ్ల ప్లేయర్ దాన్ని చదవకపోతే వాడడానికి 320 కేబీపీఎస్ ఎంపీ3 కూడా అదే పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. ఫోన్ నుంచి వేయాల్సి వస్తే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వేయాలి. సాయంత్రం జనం రాకముందు హాల్లో మొత్తం వినే టైమ్ ఎవరూ ఇవ్వరు. ప్రతి అతుకూ ఏ నిమిషం దగ్గరుందో కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని ముందు పది సెకన్లూ తర్వాత పది సెకన్లూ మాత్రం పెద్ద స్పీకర్ల మీద వేయించండి. వినేటప్పుడు సౌండ్ సిస్టమ్ పక్కన కాకుండా, పిల్లలు నిలబడే స్టేజీ మధ్యలో నిలబడాలి. దరువు వాళ్లకు ఎలా చేరుతోందో అక్కడే తెలుస్తుంది.